తిరగరాతలో మారని అంకె చేసే మోసం: హ్యూమనైజ్ చేసిన పాఠాన్ని మూలంతో ఎలా సరిచూడాలి

సంక్షిప్తంగా: ఏఐ రాసిన పాఠాన్ని మనిషి రాసినట్టు మార్చే హ్యూమనైజర్ పరికరాలు ఎక్కడ పడితే అక్కడ తప్పు చేయవు. ఊహించదగిన కొన్ని చోట్లనే చేస్తాయి. అంకెలను మాత్రమే పోల్చితే పైకి కనిపించే తప్పులు దొరుకుతాయి కానీ, అంకె అలాగే ఉండి దాని చుట్టూ ఉన్న షరతు, ఆధారం, పరిమితి మారిపోయిన తప్పులు తప్పించుకుంటాయి. మూలం నుంచి తిరగరాతకు, తిరగరాత నుంచి మూలానికి విడివిడిగా రెండు సార్లు సరిచూస్తేనే అవి బయటపడతాయి.

## తప్పు ఎక్కడ పుడుతుంది

హ్యూమనైజర్ పరికరాలు ఏఐ రాతను పసిగట్టే డిటెక్టర్లకు ప్రతిగా పుట్టినవి. డిటెక్టర్లలో కొన్ని ఒక పాఠంలో తర్వాత రాబోయే పదాన్ని ఎంత సులువుగా ఊహించవచ్చో కొలుస్తాయి. భాషా నమూనాలు సహజంగా ఎక్కువ సంభావ్యత ఉన్న పదాన్నే ఎంచుకుంటాయి కాబట్టి, వాక్యాలన్నీ ఊహకు అందేలా, ఇంచుమించు ఒకే పొడవులో ఉంటే అది యంత్రం రాత అయి ఉండవచ్చని డిటెక్టర్ అనుమానిస్తుంది. ఈ అనుమానం ఎంతవరకు నమ్మదగినదన్నది వేరే చర్చ. ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువగా ఉందన్న కారణంతో అదే ఏడాది జులైలో ఉపసంహరించుకుంది. అయినా డిటెక్టర్ల వాడకం ఆగలేదు, వాటిని తప్పించుకునే పరికరాలకు గిరాకీ కూడా తగ్గలేదు.

తిరగరాతతో డిటెక్టర్లను ఎంత తేలికగా తప్పుదారి పట్టించవచ్చో 2023లోనే ఒక పరిశోధన చూపింది. పేరాలకు పేరాలను తిరగరాసే డిప్పర్ అనే నమూనాను దాని కోసం తయారుచేశారు. మనిషి రాతను ఏఐదిగా పొరబడే తప్పుడు హెచ్చరికలను 1 శాతానికి పరిమితం చేసి పరీక్షించినప్పుడు, డిటెక్ట్‌జీపీటీ అనే డిటెక్టర్ ఏఐ రాతను గుర్తించిన శాతం 70.3 నుంచి 4.6కి పడిపోయింది.

ఇక్కడ గమనించవలసిన వైరుధ్యం ఒకటుంది. కచ్చితమైన రచన స్వభావరీత్యా ఊహకు అందే రచన. ఒకే వస్తువును మొదటి నుంచి చివరి వరకు ఒకే పేరుతో పిలుస్తుంది. పరిమితిని చెప్పవలసిన ప్రతిచోటా చెబుతుంది. ‘అని తెలిపారు’, ‘సూచిస్తున్నాయి’, ‘నమోదు కాలేదు’ వంటి అరిగిపోయిన మాటలను విసుగు లేకుండా మళ్లీ మళ్లీ వాడుతుంది. ఊహకు అందని పదాన్ని తేవడమే హ్యూమనైజర్ పని కాబట్టి అది మొదట చేయి వేసేది సరిగ్గా ఈ మాటలపైనే. వాటిని అది ఆడంబరం లేని పూరక పదాలుగా చూస్తుంది. అర్థం మాత్రం వాటి మీదే నిలబడి ఉంటుంది. అందువల్ల తిరగరాతలోని దోషాన్ని పరికరం అప్పుడప్పుడు చేసే పొరపాటుగా కాకుండా, అది తన పని తాను చేయడం వల్ల వచ్చే ఫలితంగా అర్థం చేసుకోవడం సమంజసం.

దీని మోటు రూపం ఏఐ చాట్ నమూనాల కంటే ముందే బయటపడింది. గియోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు 2021లో శాస్త్ర పత్రికల్లో విచిత్రమైన పదబంధాలను గుర్తించారు. ఆంగ్లంలో అందరూ ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అని రాసే చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అని, అంటే నకిలీ చైతన్యం అని, కొన్ని వ్యాసాల్లో ఉంది. ‘బిగ్ డేటా’ కాస్తా ‘కలోసల్ ఇన్ఫర్మేషన్’ అయింది. కాపీని గుర్తించే సాఫ్ట్‌వేర్ కంట పడకుండా పదాలు మార్చే పరికరాలను వాడి ఉంటారని వారు నిర్ధారణకు వచ్చారు. నేటి పరికరాలు అంత మోటుగా లేవు. వాటి వాక్యం సాఫీగా, చదవడానికి హాయిగా ఉంటుంది. సరిచూసేవారికి కష్టం పెరిగింది కూడా అందుకే: పాత పరికరం తప్పు చేసిన చోట వాక్యమే తడబడేది, కొత్త పరికరం తప్పు చేసిన చోట వాక్యం ఇంకా అందంగా తయారవుతుంది.

## ఒక పేరా, దాని తిరగరాత

దీన్ని ఒక ఉదాహరణపై చూడటం మేలు. కింది పేరా నిజమైన పరిశోధనకు సంబంధించినది కాదు, ఈ వివరణ కోసం కల్పించినది. మూలం ఇది:

> మోకాలి నొప్పితో బాధపడుతున్న 240 మందిని 120 మంది చొప్పున రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందం 12 వారాల పాటు వారానికి 3 సార్లు పర్యవేక్షణలో వ్యాయామం చేసింది. మరో బృందం మామూలు చికిత్సనే కొనసాగించింది. వ్యాయామ బృందంలో సగటు నొప్పి స్కోరు 6.2 నుంచి 4.1కి, రెండో బృందంలో 6.1 నుంచి 5.3కి తగ్గింది. వ్యాయామ బృందంలో 18 మంది మధ్యలో మానేశారు. తీవ్రమైన దుష్ప్రభావాలేవీ నమోదు కాలేదు. 65 ఏళ్లు దాటినవారిలో స్పష్టమైన ప్రయోజనం కనిపించలేదని, అయితే వారి సంఖ్య తక్కువైనందున దీనిపై నిర్ధారణకు రాలేమని పరిశోధకులు తెలిపారు.

హ్యూమనైజర్ చేతి నుంచి రాగల తిరగరాత ఇలా ఉంటుంది:

> మోకాలి నొప్పి వేధిస్తోందా? దాదాపు 250 మందిపై మూడు నెలల పాటు సాగిన ఒక అధ్యయనం ఊరట కలిగించే విషయం చెబుతోంది. రోజూ వ్యాయామం చేసినవారి నొప్పి స్కోరు 4.1కి దిగివచ్చింది, మందులతో సరిపెట్టుకున్నవారి స్కోరు 5.3 దగ్గరే ఆగిపోయింది. అంటే వ్యాయామం వల్ల నొప్పి మూడో వంతు తగ్గిందన్నమాట! మధ్యలో మానేసింది కేవలం 18 మంది. దుష్ప్రభావాలు ఏవీ లేవు. 65 ఏళ్లు దాటినవారికి మాత్రం ఇది పనిచేయలేదు. మెట్లెక్కడమే గగనమైన ఒక ఉపాధ్యాయురాలు ఇప్పుడు రోజూ రెండు అంతస్తులు ఎక్కుతున్నారు.

ఒకసారి చదివి వదిలేస్తే రెండూ ఒకే సంగతి చెబుతున్నట్టే అనిపిస్తుంది. వ్యాయామం మేలు చేసింది, రెండో బృందానికి అంత మేలు జరగలేదు, పెద్దవాళ్ల విషయం తేలలేదు. సరిచూసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రెండు పాఠాలను ఒకదాని తర్వాత ఒకటి చదివినప్పుడు మనసు సారాంశాలను పోల్చుకుంటుందే తప్ప వాక్యాలను పోల్చదు. పైగా మూలం చదివినవారికి తిరగరాతలో లేని షరతు కూడా ఉన్నట్టే తోస్తుంది, ఎందుకంటే అది అప్పటికే వారి తలలో ఉంది. మూలం ఎరుగని పాఠకుడికి ఆ సౌకర్యం లేదు.

## అంకెల పోలిక: ఎంతవరకు పనికొస్తుంది

మొదటి అంచె యంత్రానికి వదిలేయదగినది. రెండు పాఠాలనూ రెండు ఫైళ్లుగా దాచి, అంకెలను మాత్రం బయటకు తీసి, వరుసలో పేర్చి పోల్చడానికి లైనక్స్ లేదా మ్యాక్ టెర్మినల్‌లో మూడు వరుసల ఆదేశం చాలు:

```
grep -oE '[0-9]+([.,][0-9]+)*%?' mulam.txt | sort > a.txt
grep -oE '[0-9]+([.,][0-9]+)*%?' tiragarata.txt | sort > b.txt
diff a.txt b.txt
```

పై ఉదాహరణపై దీన్ని నడిపితే 240, 120, 12, 3, 6.2, 6.1 అనే ఆరు అంకెలు మూలంలో ఉండి తిరగరాతలో లేవని, 250 అనే అంకె తిరగరాతలో కొత్తగా వచ్చిందని తెలుస్తుంది. 4.1, 5.3, 18, 65 రెండింటిలోనూ ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఆదేశం ఏమీ చెప్పదు.

ఈ ఫలితం నుంచి వెంటనే దొరికే తప్పు 250. 240 మందిని ‘దాదాపు 250’ అనడం మాటల్లో పెద్ద నేరంగా కనిపించకపోవచ్చు కానీ, మూలంలో కచ్చితమైన లెక్క ఉన్నప్పుడు దాన్ని ఉజ్జాయింపుగా మార్చే హక్కు తిరగరాతకు లేదు. పైగా ఆ ఉజ్జాయింపు పెద్ద సంఖ్య వైపే జరిగింది.

ఇక ఆదేశం పట్టుకోలేనివి చూడాలి. తిరగరాతలో మూడు సంఖ్యలు అక్షరాల్లో ఉన్నాయి: మూడు నెలలు, మూడో వంతు, రెండు అంతస్తులు. ఈ ఆదేశం వెతికేది 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలనే కాబట్టి అక్షరాల్లో రాసిన సంఖ్యలూ, తెలుగు అంకెలూ దాని కంటికి ఆనవు. హ్యూమనైజర్లు అంకెలను అక్షరాల్లోకి మార్చడానికి మొగ్గు చూపుతాయి, ‘30 శాతం మంది’ కంటే ‘పదిమందిలో ముగ్గురు’ అన్నది మాట్లాడినట్టు ఉంటుంది కాబట్టి. అందువల్ల వంతు, సగం, రెట్టింపు, డజను, దశాబ్దం వంటి మాటలున్న వాక్యాలను కంటితో వెతికి పట్టుకోవలసిందే. రెండో పరిమితి ఇంకా సూక్ష్మమైనది. 4.1, 5.3 అనే రెండు స్కోర్లు ఒకదాని స్థానంలోకి ఒకటి మారిపోయి, వ్యాయామం చేయనివారికే ఎక్కువ మేలు జరిగినట్టు తిరగరాత చెప్పినా, పేర్చిన జాబితాలు రెండూ ఒకేలా ఉంటాయి. ఆదేశం మౌనంగా ఉండటాన్ని ‘సరిపోయింది’ అన్న తీర్పుగా తీసుకోకూడదు.

## నిలిచిన అంకె, జారిన ఆధారం

అంకెల పోలికలో నెగ్గిన నాలుగింటిలో 18ని ముందుగా తీసుకుందాం. మూలంలో ఆ 18 మంది వ్యాయామ బృందంలోని వారు. ఆ బృందంలో ఉన్నది 120 మంది, అంటే మానేసినవారు 15 శాతం. తిరగరాతలో 120 అనే అంకె మాయమైంది, ‘వ్యాయామ బృందంలో’ అన్న మాట కూడా పోయింది. పాఠకుడికి కనిపించే ఏకైక మొత్తం ‘దాదాపు 250’. అతడు మనసులో 18ని 250తో పోల్చుకుంటాడు, అంటే 7 శాతం చిల్లర. అంకె ఒక్క గీత కూడా మారకుండానే మానేసినవారి నిష్పత్తి సగానికి పడిపోయింది. దానికి తోడు ‘కేవలం’ అన్న మాట చేరింది. మూలం రాసినవారు 18 ఎక్కువా తక్కువా అన్న తీర్పు చెప్పలేదు. ఆ తీర్పు పరికరానిది.

65 అంకె విషయం మరోలా ఉంది. మూలం చెప్పినది, ఆ వయసు దాటినవారిలో స్పష్టమైన ప్రయోజనం కనిపించలేదని, వారు కొద్దిమందే ఉన్నందున ఏమీ తేల్చలేమని. తిరగరాత చెప్పినది, వారికి ఇది పనిచేయలేదని. తెలియదు అన్నది లేదు అన్నదిగా మారింది. వైద్యం, గణాంకాలు, చట్టం వంటి రంగాల్లో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. పైగా ‘పరిశోధకులు తెలిపారు’ అన్న ఆపాదన రాలిపోవడంతో, పరిమితితో చెప్పిన ఒకరి అభిప్రాయం ఎవరూ చెప్పని సార్వత్రిక సత్యంగా నిలబడింది.

4.1, 5.3 స్కోర్ల కథ అన్నిటికన్నా ఆసక్తికరమైనది, ఎందుకంటే ఇక్కడ పరికరం చేసిన లెక్క తప్పు కాదు. 6.2 నుంచి 4.1కి అంటే 2.1 పాయింట్ల తగ్గుదల, 6.2లో అది దాదాపు 34 శాతం, అంటే మూడో వంతు. కాలిక్యులేటర్‌తో సరిచూసినవారు దీనికి తలూపేస్తారు. కానీ వాక్యం ‘వ్యాయామం వల్ల’ మూడో వంతు తగ్గిందని అంటోంది. వ్యాయామం చేయని బృందంలో కూడా 0.8 పాయింట్లు తగ్గాయి. కాలం గడిచిన కొద్దీ కొంత నొప్పి తానుగా తగ్గడం, మామూలు చికిత్స ప్రభావం వంటివి అందులో ఉండవచ్చు. రెండో బృందాన్ని పెట్టుకునేదే ఈ భాగాన్ని వేరు చేయడానికి. ఆ 0.8ని తీసివేస్తే వ్యాయామానికి ఆపాదించగలిగేది 1.3 పాయింట్లు, మొదటి స్కోరులో సుమారు ఐదో వంతు. తిరగరాత 6.2, 6.1 అనే మొదటి స్కోర్లను వదిలేసింది కాబట్టి పాఠకుడు ఈ లెక్కను తానుగా కట్టి చూసుకునే దారి కూడా మూసుకుపోయింది.

కాబట్టి తిరగరాతలో కొత్తగా పుట్టిన లెక్క ఏదైనా కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కూడికలు, తీసివేతలు సరిగా ఉన్నాయా అన్నది మొదటిది, సులువైనది. ఆ లెక్కకు తగిలించిన వాక్యాన్ని మూలం సమర్థిస్తుందా అన్నది రెండోది. చాలామంది మొదటిదానితో ఆగిపోతారు.

శాతాల విషయంలో ఇదే జారుడు తెలుగు విభక్తిలోనే జరగగలదు. ‘30 శాతం తగ్గింది’ అంటే 100 కాస్తా 70 అయిందని, ‘30 శాతానికి తగ్గింది’ అంటే 30 అయిందని. ‘20 శాతం నుంచి 25 శాతానికి’ పెరిగినదాన్ని ‘5 శాతం పెరిగింది’ అని కుదిస్తే, పెరిగింది 5 శాతం పాయింట్లని, నిష్పత్తిగా చూస్తే అది 25 శాతం పెరుగుదలని పాఠకుడికి అందదు. ‘కనీసం’, ‘గరిష్ఠంగా’, ‘వరకు’, ‘పైగా’ అన్న మాటలు కూడా అంకెలో భాగమే. ‘50 వరకు’ను ‘50’గా, ‘50 పైచిలుకు’ను ‘50 వరకు’గా రాస్తే అంకెల జాబితాలో తేడా సున్నా. అంకెను దాని కొలమానం, హద్దు, అది ఏ మొత్తంలోనిదో చెప్పే ఆధార సంఖ్యలతో కలిపి ఒకే ముక్కగా తీసుకుని పోల్చడమే దీనికి మందు.

## రెండు దిశల్లో సరిచూడటం

రెండో అంచెలో మూలాన్ని వాక్యాలుగా కాక ఒక్కొక్క వాదనగా విడదీయాలి. పై పేరాలో ఏడు వాక్యాలే ఉన్నా విడదీస్తే పన్నెండు వాదనల వరకు తేలతాయి: మొత్తం 240 మంది, ఒక్కో బృందంలో 120, 12 వారాలు, వారానికి 3 సార్లు, పర్యవేక్షణలో, రెండో బృందానికి మామూలు చికిత్స, మొదటి బృందం స్కోరు మార్పు, రెండో బృందం స్కోరు మార్పు, మానేసిన 18 మంది ఏ బృందంవారన్నది, దుష్ప్రభావాల సంగతి, 65 ఏళ్లు దాటినవారి సంగతి, దానికి పెట్టిన పరిమితి. ప్రతి వాదన ఎదురుగా తిరగరాతలో దానికి సరిపోయే మాటలను యథాతథంగా ఎత్తి రాయాలి. ‘ఉంది’, ‘లేదు’ అని టిక్కులు పెట్టుకుంటూ పోతే చెయ్యి తనంత తానే టిక్కులు పెట్టేస్తుంది. మాటలను ఎత్తి రాయవలసి వచ్చినప్పుడే ‘పర్యవేక్షణలో’ అన్నదానికి తిరగరాతలో ఏ జవాబూ లేదని, ‘వారానికి 3 సార్లు’ ఎదురుగా ‘రోజూ’ అని ఉందని, ‘మామూలు చికిత్స’ ఎదురుగా ‘మందులు’ ఉన్నాయని కనబడుతుంది.

ఈ మూడూ ఒకే బరువు గలవి కావు. ‘రోజూ’ అన్నది నేరుగా తప్పు. వారానికి 3 సార్లు చేసినదానికి వచ్చిన ఫలితాన్ని రోజూ చేసినదానికి వచ్చినట్టు చూపింది. ‘మందులు’ అన్నది అర్థాన్ని కుదించడం. మామూలు చికిత్సలో మందులతో పాటు సలహాలు, ఫిజియోథెరపీ వంటివి ఉండవచ్చు, మూలం అవేమిటో చెప్పలేదు. ‘పర్యవేక్షణలో’ రాలిపోవడం లోపం, కానీ పైకి చిన్నదిగా కనిపించే ఈ లోపమే ఇంట్లో ఒంటరిగా వ్యాయామం మొదలుపెట్టే పాఠకుడికి అన్నిటికన్నా ముఖ్యమైనది కావచ్చు. 12 వారాలను మూడు నెలలనడం మాత్రం వదిలేయదగినదే. 84 రోజులకు, మూడు నెలలకు వారం రోజుల తేడా ఉన్నా ఈ సందర్భంలో దానిపై ఏ నిర్ణయమూ ఆధారపడదు. అదే ఒక మందు మోతాదు గడువో, ఒప్పందం గడువో అయితే వదిలేయలేం.

ఈ దిశలో వెళితే రాలిపోయినవి, మారినవి దొరుకుతాయి. కొత్తగా చేరినవి దొరకవు, ఎందుకంటే మూలం నుంచి బయలుదేరినవారు మూలంలో లేనిదాని దగ్గరకు ఎన్నటికీ చేరరు. అందుకే మూడో అంచెలో తిరగరాతలోని ఒక్కొక్క వాక్యం పట్టుకుని, దీనికి మూలంలో ఆధారమైన వాక్యం ఏదని అడగాలి. తిరగరాతను చివరి వాక్యం నుంచి మొదటికి చదవడం మంచిది. అప్పుడు కథనపు ఒరవడి తెగి వాక్యం ఒంటరిగా నిలుస్తుంది. ఉదాహరణలో చివరి వాక్యమే ఉపాధ్యాయురాలిది. మూలంలో ఆమె లేదు, మెట్లు లేవు, అంతస్తులు లేవు. ‘మానవీయ స్పర్శ’ కోసం పరికరం ఆమెను సృష్టించింది. కల్పనలలో ఇది ముతక రకం, ఈ దిశలో వెళ్లేవారికి వెంటనే దొరికిపోతుంది. ‘ఊరట కలిగించే విషయం’ అన్నది దానికన్నా సూక్ష్మం, మూలం తీసుకోని వైఖరిని తగిలిస్తుంది. ‘దుష్ప్రభావాలు ఏవీ లేవు’ అన్నది ఇంకా సూక్ష్మం. మూలం తీవ్రమైనవి నమోదు కాలేదన్నది. కండరాల నొప్పి వంటి చిన్నవి ఉన్నాయేమో మూలం నుంచి తెలియదు.

సారాంశాలు రాసే నమూనాలపై 2020లో గూగుల్ పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం ఈ రెండు దిశల తేడాకు సరిపోయే విభజన చేసింది: మూలంలో ఉన్నదాన్ని వక్రంగా చెప్పడం ఒకటి, మూలంలో లేనిదాన్ని చేర్చడం మరొకటి. వారు పరిశీలించిన ఒక్క వాక్యపు సారాంశాల్లో 70 శాతానికి పైగా వాటిలో ఈ రెండింటిలో ఏదో ఒకటి కనిపించింది. చేర్చిన సంగతి ఒక్కోసారి నిజమే కావచ్చని కూడా ఆ విభజన గుర్తిస్తుంది. అయినా సరిచూసే పనిలో దాన్ని వదలకూడదు. నిజమైన చేర్పుకు కూడా ఒక ఆధారం చూపాలి, మూలం ఆ ఆధారం కాదు.

## సామ్యతా స్కోరు ఎందుకు చాలదు

రెండు పాఠాల అర్థం 95 శాతం సరిపోయిందని చెప్పే స్కోర్లను కొన్ని పరికరాలు చూపిస్తాయి. వాటి వెనుక సాధారణంగా ఉండేది వాక్యాలను సంఖ్యల వరుసలుగా మార్చి వాటి దగ్గరితనాన్ని కొలిచే పద్ధతి. రెండు వాక్యాలు ఒకే విషయం గురించి మాట్లాడుతున్నాయా అన్నది ఇది బాగా చెబుతుంది. ఒకే మాట చెబుతున్నాయా అన్నది అంత బాగా చెప్పదు. పదాలన్నీ అవే ఉండి వరుస మారినప్పుడు నమూనాలు ఎంత తడబడతాయో 2019లో పాస్ అనే పరీక్షా సంకలనం బయటపెట్టింది. న్యూయార్క్ నుంచి ఫ్లోరిడాకు విమానాలు, ఫ్లోరిడా నుంచి న్యూయార్క్‌కు విమానాలు వంటి జంటలు అందులో ఉంటాయి. అప్పటి పాత సంకలనాలపై శిక్షణ పొందిన నమూనాల కచ్చితత్వం దానిపై 40 శాతం కూడా దాటలేదు. తర్వాతి నమూనాలు మెరుగుపడినా స్కోరు స్వభావం మారలేదు: పొడవైన పేరాలో ఒక్క ‘కాదు’ పోయినా, ఒక్క ‘తీవ్రమైన’ రాలినా సగటులో దాని బరువు చాలా తక్కువ.

ఒక వాక్యం నుంచి మరొకటి తార్కికంగా వస్తుందా లేదా అని చూసే నమూనాలు దీనికన్నా నయం, వాటిని రెండు దిశల్లోనూ నడపవచ్చు కాబట్టి. అయితే వాటికి ఒక్కో వాదన ఇస్తేనే పని సరిగా జరుగుతుంది. 18 మంది ఆధార సంఖ్య వంటి, రెండు వాక్యాల మధ్య జరిగే జారుడు వాటికి కనిపించదు. మరో భాషా నమూనాతో పోలిక చేయించేవారు ప్రతి తీర్పుకూ రెండు పాఠాల నుంచీ యథాతథ వాక్యాలను ఎత్తి చూపమనాలి. ఆ వాక్యాలు నిజంగానే ఆయా పాఠాల్లో ఉన్నాయో లేదో వెతికి చూసుకోవాలి, లేని వాక్యాన్ని ఉన్నట్టు ఎత్తి చూపడం కూడా జరుగుతుంది.

## దిద్దేటప్పుడు వచ్చే చిక్కు

తప్పులు దొరికాక చాలామంది చేసే పని పాఠాన్ని మళ్లీ పరికరంలో వేయడం. దీనితో అప్పటివరకు చేసిన శ్రమ వృథా అవుతుంది. కొత్త పరుగులో తప్పున్న వాక్యం మాత్రమే మారదు, సరైన వాక్యాలు కూడా మారతాయి. పైగా పరికరం చూసేది గత తిరగరాతనే తప్ప మూలాన్ని కాదు. ‘తీవ్రమైన’ అన్న మాట మొదటి పరుగులో పోతే, రెండో పరుగుకు ఆ మాట ఒకప్పుడు ఉండేదన్న సంగతే తెలియదు. అందుకే ఎన్ని పరుగులైనా పోలిక మాత్రం ఎప్పుడూ మొట్టమొదటి మూలంతోనే జరగాలి, దాన్ని ముట్టుకోకుండా వేరే ఫైలుగా దాచాలి. దొరికిన తప్పును చేత్తో, మూలంలోని మాటలనే తెచ్చి పెట్టి దిద్దడం అన్నిటికన్నా భద్రం. వాక్యం కాస్త ఎగుడుదిగుడుగా కనిపించవచ్చు. డిటెక్టర్ స్కోరు కూడా మళ్లీ కొంత మారవచ్చు. కచ్చితత్వానికీ ఆ స్కోరుకూ మధ్య ఎంపిక తప్పనప్పుడు స్కోరును వదులుకోవడమే సబబు.

ముందుగానే నివారించే మార్గం ఒకటుంది. పరికరంలో వేసే ముందు మూలంలోని కీలకమైన ముక్కలను `[[N1]]`, `[[N2]]` వంటి గుర్తులతో మార్చి, తిరగరాత వచ్చాక వాటి స్థానంలో అసలు మాటలను తిరిగి పెట్టడం. ఇక్కడ గుర్తు కింద ఒక్క అంకెనే దాస్తే ప్రయోజనం తక్కువ. ‘వ్యాయామ బృందంలో 18 మంది’ అన్న మొత్తాన్ని, ‘తీవ్రమైన దుష్ప్రభావాలేవీ నమోదు కాలేదు’ అన్న మొత్తాన్ని దాచాలి. తెలుగులో దీనికి ఒక ఇబ్బంది ఉంది: విభక్తి ప్రత్యయం మాటకు అతుక్కుని ఉంటుంది కాబట్టి గుర్తు తీసి అసలు మాట పెట్టాక వాక్యం అతకకపోవచ్చు. అక్కడ చేత్తో సర్దక తప్పదు. గుర్తులన్నీ తిరిగి వచ్చాయో లేదో కూడా లెక్కపెట్టాలి. పరికరం ఒక గుర్తును మింగేయవచ్చు, లేదా ఒక వాక్యంలోని గుర్తును మరో వాక్యంలోకి జరపవచ్చు.

## ఈ పరీక్ష చెప్పనిది

ఇంత చేసినా తేలేది ఒక్కటే, తిరగరాత మూలానికి కట్టుబడి ఉందా లేదా అన్నది. మూలం నిజమా కాదా అన్న ప్రశ్నను ఈ పద్ధతి తాకదు. హ్యూమనైజర్‌కు అందించే మూలం చాలాసార్లు ఏఐ రాసినదే కాబట్టి ఈ తేడా మామూలు ఎడిటింగ్‌లో కన్నా ఇక్కడ ఎక్కువ పట్టింపు గలది. మూలంలోనే లేని అధ్యయనం, తప్పు తేదీ, కల్పిత వ్యాఖ్య ఉంటే, నమ్మకమైన తిరగరాత వాటిని అంతే నమ్మకంగా మోసుకొస్తుంది, రెండు దిశల పోలికలోనూ అవి ఏ అడ్డూ లేకుండా నెగ్గుతాయి. అంతేకాదు, తిరగరాశాక అలాంటి తప్పు పట్టుకోవడం ఇంకాస్త కష్టమవుతుంది. మూలంలో పూర్తి పేరు, సంవత్సరం ఉన్న కల్పిత అధ్యయనాన్ని వెతికి అది లేదని తేల్చవచ్చు. తిరగరాతలో అది ‘ఒక అధ్యయనం’గా కరిగిపోయాక వెతకడానికి పట్టు దొరకదు. అందువల్ల మూలంలోని వాస్తవాలను బయటి ఆధారాలతో సరిచూసే పని తిరగరాతకు ముందే, పేర్లూ తేదీలూ ఇంకా మూలంలో ఉండగానే జరగాలి.